మిర్చి బస్తాల లాట్ ట్రాకింగ్: ఒక పేజీ ప్రాజెక్ట్ చార్టర్

తేదీ: 2026 ఆగస్టు 17, నర్సంపేట

చైర్మన్ గారికి, డైరెక్టర్లకు, సీఈఓ గారికి, యాప్ టీమ్‌కు, కోల్డ్ స్టోరేజీ సూపర్‌వైజర్ గారికి నమస్కారం.

ఆగస్టు 12న మన ఆఫీసులో చూసిన 26 స్లైడ్ల కిక్‌ఆఫ్ పీపీటీని ఒక్క పేజీకి కుదించాను. పీపీటీ ఆ రోజు అందరికీ ఉత్సాహం ఇవ్వడానికి చేసింది, ఆ పని బాగానే చేసింది. రేపు జనవరిలో కాంటా దగ్గర గొడవ వస్తే మాత్రం 26 స్లైడ్లు తిరగేసే ఓపిక ఎవరికీ ఉండదు. అప్పుడు చూసుకోవడానికే ఈ పేజీ.

కుదిస్తుంటే స్లైడ్లు ఒకదానితో ఒకటి పొసగని చోట్లు మూడు కనిపించాయి. స్లైడ్ 6లో ‘సభ్యుల బస్తాలన్నీ’ అని ఉంది, స్లైడ్ 18లో ‘తొలి విడత 12,000 బస్తాలు’ అని ఉంది. బోర్డు ఒప్పుకున్న డబ్బు రెండోదానికే సరిపోతుంది కాబట్టి 12,000నే తీసుకున్నాను. స్లైడ్ 11లో ఐదు పనులకు బాధ్యులు అన్నచోట ఐదుసార్లూ ‘టీమ్’ అనే రాసుకున్నాం. ట్యాగు చిరిగితే ఎవరిని అడగాలని దుగ్గొండి రైతు ఒకాయన ఆ రోజే అడిగితే ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం, గుర్తుండే ఉంటుంది. ఇప్పుడు ఒక్కో పనికి ఒక్కరినే రాశాను. ఇక స్లైడ్ 22 ప్రకారం యాప్ ట్రయల్ అక్టోబర్ 19న. అది దసరా వారం. ఆ రోజు హమాలీలు కాదు కదా, నేనైనా వస్తానో రానో చెప్పలేను. దాన్ని బతుకమ్మ మొదలు కాకముందుకు జరిపాను.

ఈ మూడూ నా నిర్ణయాలు. మీకు వేరే అభిప్రాయం ఉంటే 21వ తేదీ శుక్రవారం సాయంత్రంలోగా ఫోన్ చేయండి. 24న బోర్డు మీటింగ్‌లో సంతకాలు పెడదాం.

ఆపరేషన్స్ మేనేజర్

---

ప్రాజెక్ట్ చార్టర్

ఎందుకు చేస్తున్నాం

పోయిన సీజన్‌లో మన సభ్యుల మిర్చి ఎనుమాముల దగ్గర అద్దెకు తీసుకున్న కోల్డ్ స్టోరేజీలో పెట్టాం. బయటికి తీసేటప్పుడు 41 లాట్లు చిట్టీతో సరిపోలలేదు. ఒక రైతు తేజ కింద రాయించిన 36 బస్తాల లాట్ తీస్తే అందులో 14 వండర్ హాట్ వచ్చాయి. బేరం ఆగిపోయింది, హమాలీ ఖర్చు రెండుసార్లు పడింది, అసలు బస్తాలు దొరకడానికి రెండు రోజులు పట్టింది. తప్పు ఎవరిదో ఇప్పటికీ తేలలేదు, ఎందుకంటే ఆధారం ఒక్క అట్టముక్కే. చల్లటి ఛాంబర్ నుంచి బస్తా బయటికి రాగానే దానికి తడి పడుతుంది, స్కెచ్ పెన్నుతో రాసిన అంకె అలుక్కుపోతుంది. 1 చివరికి 7లా కనిపిస్తుంది.

ఏం సాధించాలి

ప్రతి బస్తాకూ చెరగని ఒక నంబర్ ఉండాలి. ఆ నంబర్ కొడితే బస్తా ఏ రైతుది, ఏ రకం, కాంటా బరువెంత, ఏ ఛాంబర్‌లో ఏ వరుసలో ఉంది అన్నది 2 నిమిషాల్లో తెలియాలి. 2027 మే 15లోగా 600 బస్తాలను చేత్తో లెక్కపెట్టి సరిచూస్తాం. వాటిలో తేడాలు మూడుకు మించకపోతే ప్రాజెక్ట్ గట్టెక్కినట్టు.

పరిధిలో ఉన్నవి

దుగ్గొండి, నల్లబెల్లి మండలాల్లోని 310 మంది సభ్యుల బస్తాలు, మొత్తం 12,000 వరకు. రెండు సేకరణ కేంద్రాలు, కోల్డ్ స్టోరేజీలో రెండు ఛాంబర్లు. తేజ, వండర్ హాట్, 341, దీపిక, టమాట మిర్చి: ఈ ఐదు రకాలకే యాప్‌లో కోడ్‌లు ఉంటాయి. తాలు కాయల బస్తాకు రకం ఏదైనా ‘తాలు’ అనే విడి కోడ్ పడుతుంది.

క్యూఆర్ కోడ్ ఉన్న ప్లాస్టిక్ ట్యాగును బస్తా మూతి కుట్టేటప్పుడే కలిపి కుట్టాలి. పిన్నుతో గుచ్చినది, సుతిలితో కట్టినది లెక్కలోకి రాదు. కోడ్ కింద అదే నంబర్ పెద్ద అంకెల్లో ఉండాలి, ఎందుకంటే దుమ్ము పట్టిన కోడ్‌ను ఫోన్ చదవకపోయినా మనిషి చదవగలడు. ఛాంబర్ లోపల సిగ్నల్ రాదు కాబట్టి యాప్ నెట్ లేకుండానే పనిచేసి, బయటికి వచ్చాక లెక్క పంపాలి. రైతుకు తెలుగులో మెసేజ్ వెళ్లాలి. పాత కాగితపు చిట్టీ ఈ సీజన్ అంతా కొనసాగుతుంది.

పరిధిలో లేనివి

మిగతా మండలాల బస్తాలు. ఈ-నామ్‌తో లింకు. నిల్వ మీద బ్యాంకు లోన్. మార్కెట్ ధరలు చూపించడం. తేమ కొలిచి నమోదు చేయడం. పత్తి, మక్కలు. ఇవన్నీ మంచివే, వచ్చే ఏడాది మాట్లాడుకుందాం. మధ్యలో ఏదైనా కలపాలంటే దానికయ్యే డబ్బు, వెనక్కి జరిగే తేదీ రెండూ కాగితం మీద రాసి సీఈఓ సంతకం తీసుకోవాలి. ఫోన్‌లో ‘చిన్న మార్పే కదా’ అంటే యాప్ టీమ్ పని మొదలుపెట్టకూడదు.

ఎవరి బాధ్యత ఏమిటి

- సీఈఓ (స్పాన్సర్): డబ్బు విడుదల, పరిధి మార్పు. నవంబర్ ట్రయల్ తర్వాత ముందుకెళ్లాలా ఆగాలా అన్న నిర్ణయం ఆయనదే.
- ఆపరేషన్స్ మేనేజర్ (ప్రాజెక్ట్ మేనేజర్): తేదీలు, ఖర్చు లెక్క, ప్రతి సోమవారం బోర్డుకు అరపేజీ రిపోర్టు. ₹10,000 లోపు ఖర్చుకు సొంతంగా ఓకే చెప్పవచ్చు.
- సేకరణ కేంద్రం కాంటా గుమాస్తా (కేంద్రానికి ఒకరు): బరువు, రకం నమోదు, ట్యాగు కుట్టించడం. రకం మీద రైతుతో పేచీ వస్తే బస్తా మూతి కుట్టకముందే తేల్చాలి.
- కోల్డ్ స్టోరేజీ సూపర్‌వైజర్: లోపలికి, బయటికి స్కాన్. ట్యాగు చిరిగితే అడగాల్సింది ఈయననే. బస్తా పక్కన పెట్టించి, గుమాస్తా దగ్గర అదే నంబర్‌తో మళ్లీ ట్యాగు తెప్పించాలి. కొత్త నంబర్ ఇవ్వకూడదు.
- యాప్ టీమ్ లీడ్: యాప్, సర్వర్, లెక్కల బ్యాకప్. జనవరి నుంచి ఏప్రిల్ వరకు ఉదయం 6 నుంచి రాత్రి 9 దాకా ఫోన్ ఎత్తే మనిషి ఒకరు ఉండాలి.
- రైతు ప్రతినిధులు (మండలానికి ఒకరు): ట్రయల్‌లో కూర్చోవడం, మెసేజ్‌లోని తెలుగు రైతుకు అర్థమవుతోందో లేదో చెప్పడం. వీళ్లు సరే అనకుండా మెసేజ్ ఖరారు కాదు.

మైలురాళ్లు

| తేదీ | పూర్తయిందనడానికి రుజువు |
|---|---|
| 2026 ఆగస్టు 24 | చార్టర్ మీద సంతకాలు |
| సెప్టెంబర్ 19 | 310 మంది పేర్లు, ఫోన్ నంబర్లు సరిచూసిన జాబితా. మూడు రకాల ట్యాగులు వారం పాటు ఛాంబర్‌లో ఉంచి ఒకటి ఎంపిక |
| అక్టోబర్ 7 | యాప్ తొలి రూపం; ఛాంబర్ లోపల నెట్ లేకుండా 50 బస్తాల స్కాన్ |
| నవంబర్ 21 | నిరుటి సరుకులో మిగిలిన 200 బస్తాలతో పూర్తి ట్రయల్. ముందుకా, ఆపడమా |
| డిసెంబర్ 12 | గుమాస్తాలు, హమాలీల శిక్షణ. ఒక్కొక్కరూ 20 బస్తాలు సొంతంగా చేసి చూపడం |
| 2027 జనవరి 18 | సంక్రాంతి తర్వాత అసలు పని మొదలు |
| ఏప్రిల్ 30 | కొత్త బస్తాలు తీసుకోవడం ముగింపు |
| మే 15 | 600 బస్తాల తనిఖీ, చివరి లెక్క |

జనవరి 18 కదలదు. కోతలు మన కోసం ఆగవు. నవంబర్ ట్రయల్ తప్పితే ఈ ఏడు ఒక్క కేంద్రంతో, ఒక్క ఛాంబర్‌తోనే మొదలుపెడతాం.

డబ్బు

మొత్తం ₹8,00,000. యాప్‌కు 4,20,000, ఆరు ఫోన్లకు 90,000, చెడిపోయేవి కలుపుకొని 13,000 ట్యాగులకు ఒక్కోటి ₹6 చొప్పున 78,000, ప్రింటర్, రిబ్బన్లకు 72,000, శిక్షణ, తిరుగుడు ఖర్చులకు 60,000, అత్యవసరానికి 80,000. స్లైడ్ 21లోని ‘8 నుంచి 10 లక్షలు’ అన్నది ఇక చెల్లదు.

భయం ఉన్న చోట్లు

రద్దీ రోజుల్లో ఒక్కో కేంద్రానికి 300 బస్తాలు దాటి వస్తాయి. బస్తాకు అర నిమిషం ఎక్కువ పట్టినా రెండున్నర గంటలు అదనం. ట్రాక్టర్ల లైన్ రోడ్డు మీదికి వస్తుంది, ఆ కోపంలో ట్యాగు కుట్టకుండానే బస్తాలు లోపలికి పోతాయి. అందుకే నవంబర్ ట్రయల్‌లో గడియారం పెట్టి కొలుస్తాం. బస్తాకు 20 సెకన్లు దాటితే కాంటా దగ్గర రెండో మనిషిని పెట్టాలి, అతని కూలి అత్యవసరం పద్దులోంచి ఇస్తాం. రెండో భయం ఫోన్ నంబర్లు. చాలామంది రైతుల నంబర్లు కొడుకులవి, ఆ కొడుకులు హైదరాబాద్‌లో ఉంటారు. జాబితా సరిచూసేటప్పుడు ఊళ్లో ఉండే మనిషి నంబరే రాయాలి.

సంతకాలు

చైర్మన్, సీఈఓ, ఆపరేషన్స్ మేనేజర్, కోల్డ్ స్టోరేజీ సూపర్‌వైజర్, యాప్ టీమ్ లీడ్, ఇద్దరు రైతు ప్రతినిధులు. 24న బోర్డు మీటింగ్‌లోనే.

---

పీపీటీలో ఉండి ఈ పేజీలోకి రానివి

మొదటి ఐదు స్లైడ్లు మన సంఘం చరిత్ర, ఫొటోలు. అవి సభ్యుల సమావేశానికి పనికొస్తాయి, తీసి విడిగా దాచాను. చపాటా మిర్చి జీఐ గుర్తింపు గురించిన స్లైడ్ 8 కూడా వదిలేశాను. ట్యాగు దగ్గర రకం సరిగ్గా రాస్తే రేపు అది టమాట మిర్చి రైతుకు అక్కరకొస్తుంది, నిజమే, కానీ ఈ ప్రాజెక్ట్ ఆ మాట ఇవ్వడం లేదు. స్లైడ్ 13, 14లోని యాప్ బొమ్మలు యాప్ టీమ్ దగ్గర ఉంటాయి. 23 నుంచి 26 దాకా ఉన్న ‘ఐదేళ్ల కల’ గురించి డైరెక్టర్ ఒకరు ప్రత్యేకంగా అడిగారు. దాన్ని చెరిపేయలేదు, పక్కన పెట్టాను, మే తర్వాత తీద్దాం.

ఒక్క పేజీలో పట్టించడానికి అక్షరాల సైజు తగ్గించాల్సి వచ్చింది. చైర్మన్ గారికి పెద్ద అక్షరాల ప్రింటు రేపు పొద్దున బస్సులో పంపిస్తున్నాను. సంతకాలయ్యాక బాధ్యతలు, తేదీలు ఉన్న భాగాన్ని లామినేషన్ చేయించి రెండు కాంటాల దగ్గరా, ఛాంబర్ తలుపు బయటా అంటిస్తాం.