నువ్వు పంపిన బుక్‌లెట్ ఫొటోల్లోని సెగా పాటలు, తెలుగులో

అన్నా, పోర్ట్ లూయీలో కొన్న సీడీ బుక్‌లెట్ ఫొటోలన్నీ చూశాను. మూడు పాటలూ తెలుగులో పెట్టాను, కింద ఉన్నాయి. సెగా అంటే మారిషస్ జనం ఆడుతూ పాడుకునే జానపదం. ముందు ఉన్నదున్నట్టు అర్థం, తర్వాత మన గ్యాంగ్ పాడుకునే పాట, అవసరమైన చోట నాలుగు మాటలు. ఇది ఫ్రెంచ్ కాదు, ఫ్రెంచ్‌లోంచి పుట్టిన అక్కడి జనం భాష, మారిషస్ క్రియోల్. పలికినట్టే రాస్తారు కాబట్టి ఫ్రెంచ్ వచ్చినవాళ్లు కూడా మొదట తికమక పడతారు. ఫ్లిక్-ఆన్-ఫ్లాక్‌లో హోటల్ కిచెన్‌లో పనిచేసిన రోజుల్లో నా చెవికి పట్టుబడిన భాష ఇదే, అందుకే ధైర్యం చేశాను. నాలుగో పేజీలో ఫ్లాష్ పడి ఒక లైను పూర్తిగా తెల్లబారింది, దాన్ని ఆడియో విని రాసుకున్నా.

నడక గురించి ఒక్క మాట. సెగా అంతా ఆరు మాత్రల మీద నడుస్తుంది, మన లెక్కలో తిశ్రం, తకిట తకిట. అందుకని ప్రతి లైనూ మూడేసి మాత్రల ముక్కలుగా కట్టాను, చేత్తో తొడ మీద వేసుకుంటూ చదివితే తెలిసిపోతుంది. దానికోసం అర్థం ఎక్కడ వంచానో పాట కిందే చెప్పాను. నచ్చకపోతే ఉన్నదున్నట్టు అర్థం పైనే ఉంది, నువ్వే ఇంకోలా కట్టుకో.

మొదటి పాట: లామెర్ పా దోర్మీ (బుక్‌లెట్ 2, 3 పేజీలు)

ఉన్నదున్నట్టు:
సముద్రం నిద్రపోదు, సముద్రం నిద్రపోదు, మా అమ్మమ్మ నాతో అంటుంది, సముద్రం నిద్రపోదు. లగూన్ అవతల పగడాల దిబ్బ మీద అల పళ్లు చూపిస్తోంది. దీపాలతో పడవలు ఒకదాని వెనక ఒకటి తిరిగొస్తున్నాయి. తాత పడవ ఉండే చోట ఇసుకే ఉంది. అమ్మమ్మ ఆయన అన్నం మీద మూత పెట్టింది, ఇంకా వేడిగానే ఉంది. తలుపుకి గడియ వేయలేదు. గాలి లోపలికొచ్చి ఆయన కుర్చీలో కూర్చుంది.

పాడుకోడానికి:

కంటి కునుకు లేదు, కడలి నిదుర పోదు
అవ్వ చెప్పె నాకు, అలలు చెప్పె నాకు
కంటి కునుకు లేదు, కడలి నిదుర పోదు

పగడ మడుగు దాటి పళ్లు చూపె అలలు
రాతి గట్టు మీద తెల్ల నురగ నవ్వు
దీపమెత్తి వచ్చె పడవ వెనుక పడవ
తాత పడవ చోట ఇసుక మాత్రముంది

(కంటి కునుకు లేదు...)

అవ్వ మూత పెట్టె, అన్నమింక వేడి
గొళ్లెమెయ్యలేదు, గాలి తలుపు తట్టె
తాత పీట మీద గాలి వచ్చి కూకె

(కంటి కునుకు లేదు...)

ఇందులో "రాతి గట్టు మీద తెల్ల నురగ నవ్వు" అన్న లైను మూలంలో లేదు, నేను వేసిందే. క్రియోల్‌లో అల పళ్లు చూపించడం ఒక్క మాటలో అయిపోతుంది కానీ రాగం ఇంకో లైను సాగుతుంది, అక్కడ వాళ్లు "ఎలా ఎలా" అని సాగదీస్తారు. మనం అలా సాగదీస్తే రేవులో కేకలేసినట్టుంటుంది. పళ్లు ఎలాగూ ఉన్నాయి కదా అని నవ్వు పెట్టాను. నవ్వుతూ పళ్లు చూపించే సముద్రం నాకు ఇంకా భయంగానే ఉంది, నీకూ అలాగే అనిపిస్తే ఉంచు.

కుర్చీని పీట చేయడం గురించి రాత్రంతా నాలో నేనే కొట్టుకున్నా. బుక్‌లెట్ 3వ పేజీలో పాట పక్కనే ఒక ఫొటో ఉంది చూడు, తగరం గోడ ఇంటి ముందు వైరు అల్లిన కుర్చీ. ఫొటోలో కుర్చీ కనిపిస్తుంటే పాటలో పీట ఏంటని ఎవరైనా అడుగుతారు. కానీ మన దగ్గర ఖాళీ పీట అంటే భోజనానికి రావలసిన మనిషి రాలేదని పాట వినగానే తెలుస్తుంది, ఖాళీ కుర్చీ అంటే ఆఫీసు గుర్తొస్తుంది. పైగా అన్నం, మూత, పీట ఒక వరసలో పడ్డాయి. అందుకే పీటకే ఓటేశా. "కూకె" అన్నది మన శ్రీకాకుళం వైపు నోరు, మన పిల్లలందరికీ తిరుగుతుంది.

ఒకటి మాత్రం ముట్టుకోలేదు. తాత చనిపోయాడని పాట ఎక్కడా చెప్పదు. నేనూ చెప్పలేదు. కోరస్ చివరిసారి పాడేటప్పుడు మనవాళ్లు ఎవరో ఒకరు "అయ్యో" అని ఆలాపన మొదలెడతారు, దయచేసి ఆపు.

రెండో పాట: సెజ్ మార్స్, అంటే పదహారు మెట్లు (4, 5 పేజీలు)

ఇది మనది కూడా, అన్నా. పోర్ట్ లూయీ ఒడ్డున, మనదేశం కూలీలు ఓడ దిగిన ఆప్రవాసీ ఘాట్‌లో ఒక మెట్లదారి ఉంది కదా, నువ్వూ ఎక్కే ఉంటావు, పదహారు మెట్లు. 1834లో బ్రిటిష్‌వాళ్లు చెరుకు తోటల కోసం ఒప్పంద కూలీలను దించడం మొదలుపెట్టారు, మరుసటి ఏడాదే అక్కడ బానిసత్వం రద్దయింది. కలకత్తా, మద్రాసులతో పాటు మన కోరంగి రేవు నుంచి కూడా జనం వెళ్లారు. అందుకే అక్కడ తెలుగువాళ్లకి "కొరింగీ" అన్న పేరు పడిపోయింది. దిగిన ప్రతి మనిషికీ ఒక నంబరు, ఆ రిజిస్టర్లు ఇప్పటికీ మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. ఇది తెలియకపోతే పాట సగం అర్థం కాదు, స్టేజీ మీద పాడేముందు రెండు ముక్కలు చెప్పు.

ఉన్నదున్నట్టు:
ఒక మెట్టు ఎక్కాను, నా ఊరు కింద పడింది. రెండో మెట్టు ఎక్కాను, నా ఇంటిపేరు పడింది. పదహారో మెట్టు మీద నా చేతిలో ఒక అంకె ఉంది. ఏ ఊరు అని అడిగారు. పడవెక్కిన రేవు చెప్పాను. వాళ్లు దాన్నే నా జాతిగా రాసుకున్నారు. చెరుకు నా చేతిని కోసింది. తీపి మిల్లుకి వెళ్లింది, ఉప్పు నా వీపు మీద ఉంది. నా మనవరాలికి నా భాష రాదు, కానీ పండగనాడు నా పాట పాడుతుంది.

పాడుకోడానికి:

ఒక్క మెట్టు ఎక్కె, ఊరి పేరు రాలె
రెండు మెట్లు ఎక్కె, ఇంటి పేరు రాలె
పదహారవ మెట్టు మీద అంకె మిగిలె

ఊరు అడిగినారు, రేవు పేరు చెప్పె
రేవు పేరె నాకు జాతి పేరు ఆయె

(ఒక్క మెట్టు ఎక్కె...)

చెరుకు కోసి చెయ్యి చీరుకున్న వేళ
తీపి వాడిదాయె, ఉప్పు నాకు మిగిలె

మాట కరిగె గాని పాట మిగిలె నోట
పండగొచ్చెనంటె మనుమరాలి నోట

(పదహారవ మెట్టు మీద అంకె మిగిలె)

"పదహారవ" దగ్గర తకిట తకిట కాకుండా తక తక తక అని పడుతుంది, గమనించు. ఆరు మాత్రలే, కానీ మూడు రెళ్లుగా. మొదట తీసేద్దామనుకున్నా, తర్వాత ఆడియో వింటే వాళ్ల రావాన్ అనే తోలు వాయిద్యం వాయించేవాడు కూడా సరిగ్గా ఆ మెట్టు దగ్గరే నడక విరుస్తున్నాడు, మనిషి కాలు తడబడినట్టు. ఇక ముట్టుకోలేదు. డోలక్ కుర్రాడికి ఇది ముందే చెప్పకపోతే తప్పు పాడుతున్నామనుకుని సరిచేసేస్తాడు.

వీపు మీది ఉప్పు, అంటే చెమట, "ఉప్పు నాకు మిగిలె"లోకి కుదించేశాను. వీపు పోయింది. బాధగానే ఉంది, కానీ "వీపు" పెడితే ఆ లైనులో తీపి పక్కన ప్రాసలా మోగి జోక్ అయిపోతోంది. అదే "మిల్లు"ని "వాడి" చేయడం మాత్రం తెలిసే చేశా, మిల్లుకి ముఖం ఉండదు, పాడేవాడికి ఒక మనిషి కావాలి. ఇది కొంచెం ఎక్కువే తీసుకున్న చనువు, నీకు వద్దనిపిస్తే "తీపి మిల్లుదాయె" అని పాడు, మాత్రలు సరిపోతాయి.

చివరి చరణంలో పండగ ఏంటో బుక్‌లెట్ చెప్పలేదు. ఉగాది అక్కడ సెలవు దినం కాబట్టి మనకి అదే తడుతుంది, అయినా పేరు పెట్టలేదు.

మూడో పాట: సోఫ్ రావాన్ (6వ పేజీ)

ఏడుపు చాలు, ఇది గోల పాట. రావాన్ అంటే మేకతోలు బిగించిన పెద్ద గుండ్రటి వాయిద్యం, తోలు బిగియడానికి మంట దగ్గర కాచి మరీ వాయిస్తారు. మారావాన్ అంటే చెరుకు పూల కాడలతో అల్లిన పెట్టె, లోపల గింజలు, రెండు చేతుల్తో ఊపుతారు. సెగా ఆడేటప్పుడు పాదాలు నేల విడవవు, పనంతా నడుముదే.

ఉన్నదున్నట్టు:
రావాన్ కాచు, రావాన్ కాచు. మేకతోలుకి చలేసింది. మా పొరుగావిడ నాలుక మాత్రం ఎప్పుడో కాగిపోయింది. మారావాన్ కదిలిందంటే పిల్ల నడుము దాని మాట వింటుంది, కాలు నేల మీదే. రమ్ము సీసా చూసి శిలువ గుర్తు వేసుకున్న మామ, అదే చేత్తో మూత తిప్పుతున్నాడు.

పాడుకోడానికి:

కాచు కాచు డప్పు, కాగనియ్యి డప్పు
చలికి ముడుచుకుంది మేక తోలు చూడు
పక్క ఇంటి నాల్క ముందె కాగి ఉంది

(కాచు కాచు డప్పు...)

పెట్టెలోన గింజ గలగలంటె చాలు
కాలు ఎత్తకుండ ఆడుతాది పిల్ల
కాలు ఊరుకున్న నడుము ఊరుకోదు

(కాచు కాచు డప్పు...)

రమ్ము సీస చూసి "రామ రామ" అన్న
మామ చెయ్యి చూడు, మూత తిప్పుతోంది

(కాచు కాచు డప్పు...)

"రావాన్" తాళంలో కూర్చోలేదు, పైగా రెండుసార్లు గట్టిగా పాడితే రావన్న అనే మనిషిని మంటలో పెడుతున్నట్టుంది. డప్పుని కూడా మనవాళ్లు మంట దగ్గరే కాస్తారు కాబట్టి మనసొప్పి మార్చాను. మనది పుల్లలతో, వాళ్లది అరచేత్తో, ఆ తేడా పాటలో రాదులే.

శిలువ గుర్తు బదులు "రామ రామ" పెట్టా. అక్కడి మామ క్రిస్టియన్, మన మామ ఎవరైనా కావచ్చు, నవ్వు వచ్చేది మూత తిప్పే చేతి దగ్గర. మన గ్యాంగ్‌లో ఎవరికైనా ఇబ్బందనిపిస్తే "వద్దు వద్దు అన్న" అని పాడేయండి.

చివరి పేజీ

నువ్వు ఇది కూడా అడిగావు. అందులో ఉన్నది ఇంతే: "ఈ పాటలు మా అమ్మల దగ్గర, రేవు దగ్గర, వంటింట్లో విన్నవాటి లోంచి పుట్టాయి. రికార్డింగ్‌లో కుక్క అరుపు వినిపిస్తే అది మా పక్కింటి కుక్కే, తీసేయలేదు. కుటుంబాలకి, గింజలు ఇచ్చిన ఆంటీకి థాంక్స్." కింద పేర్లున్నాయి, మైకులో చదివేముందు ఫొటో పెద్దది చేసి సరిగ్గా చూసుకో, స్టేపుల్ పిన్ను ఒక పేరు మధ్యలో దిగింది.

స్టేజీ మీద పాడాలంటే వాళ్ల అనుమతి అడగాలి, బుక్‌లెట్ వెనక మెయిల్ ఐడీ ఉంది. తెలుగు మాటలు కూడా పంపు, అర్థం కాకపోయినా వాళ్లకి ముచ్చటేస్తుంది. ఆదివారం రిహార్సల్‌కి రెండో పాటతోనే మొదలుపెట్టండి, మిగతా రెండూ ఎలాగైనా వచ్చేస్తాయి.