యాదగిరి సార్ వీడ్కోలు: నాలుగు చోట్లకు నాలుగు తీర్లు

సరితక్కా,

యాదగిరి సార్ రిటైర్‌మెంట్ సభకు రాయమన్నావు కదా, రాశాను. ఒక్క కాగితం చాలనుకున్నాను మొదట. నిన్న దాన్ని మిర్చి యార్డులో మన దడువాయి రాజన్నకు చదివి వినిపిస్తే, మొత్తం విని, "మంచిగుంది బిడ్డా, గని ఇది మన సార్ గురించేనా?" అని అడిగాడు. ఆ మాటకు రాత్రి నిద్ర పట్టలేదు. మళ్లీ కూర్చుని నాలుగు తీర్లుగా రాశాను. సార్ బస్తా అడుగు నుంచి కాయ తీసే సంగతి మాత్రం దేంట్లోనూ వదల్లేదు. అది లేకుంటే అందులో సార్ లేనట్టే.

మొదటిది సభలో చదివేది. ఛైర్మన్ గారు, కార్యదర్శి గారు, అడ్తిదారులు, సార్ వియ్యాలవారు కూడా ఉంటారు. దీన్ని ఫ్రేమ్ కట్టించి ఇస్తాం, రేపు వాళ్లింట్లో గోడ మీద ఉంటుంది. అందుకే భాష కొంచెం బరువుగా ఉంచాను.

మాన్యులు శ్రీ యాదగిరి గారికి ఆత్మీయ వీడ్కోలు

మహోదయా!

వ్యవసాయ మార్కెట్ సేవలో 33 సంవత్సరాలు పూర్తి చేసుకొని నేడు పదవీ విరమణ చేస్తున్న తమకు మా అందరి పక్షాన హృదయపూర్వక అభినందనలు.

చిరుద్యోగిగా చేరి, క్రమంగా సూపర్‌వైజర్ స్థాయికి ఎదిగిన తమ ప్రస్థానం మా అందరికీ ఆదర్శం. సరుకు నాణ్యతను పైపై చూపుతో గాక, బస్తా అడుగు వరకు పరిశీలించి నిర్ధారించడం తమ విధానం. అందువల్ల రైతుకు న్యాయమైన ధర, వ్యాపారికి నమ్మకమైన సరుకు లభించాయి. ఇరుపక్షాలూ తమ మాటను తుది మాటగా గౌరవించాయి.

2016లో దేశవ్యాప్తంగా ఈ-నామ్ ప్రారంభమైన తరువాత, కంప్యూటర్ ద్వారా ధర నిర్ణయించే పద్ధతిని రైతులకు ఓపికగా విడమరచి చెప్పారు. మన చపాట మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు లభించిన నాడు తమ ముఖంలో కనిపించిన ఆనందం మాకు చిరస్మరణీయం. అకాల వర్షాల వేళ తాము చూపిన చొరవ ఎందరో రైతుల కష్టార్జితాన్ని కాపాడింది.

తమ శేష జీవితం ఆయురారోగ్యాలతో, మనుమలు, మనుమరాండ్రతో ఆనందమయంగా సాగాలని భద్రకాళి అమ్మవారిని ప్రార్థిస్తూ,

మార్కెట్ ఉద్యోగ బృందం

అకాల వర్షం గురించి ఇందులో ఒక్క వాక్యమే పెట్టాను, చూశావు కదా. శాలువా కప్పే చోట అంతకంటే ఎక్కువ పట్టదు. ఆ రోజు వానలో ఉన్నవాళ్లు యార్డులో ఉన్నారు. వాళ్ల దగ్గర చెప్పాల్సింది చాలా ఉంది. పొద్దున కాంటాలు మొదలు కాకముందే షెడ్డు కింద మైకులో ఇది మాట్లాడతాను. హమాలీలు, దడువాయిలు, చాట కూలీలు, ఆ పొద్దున సరుకు తెచ్చిన రైతులు ఉంటారు.

షెడ్డు కింద చెప్పేది

అన్నలారా, అక్కలారా, అందరికీ నమస్తే.

ఇయ్యాల మన యాదగిరి సార్‌కు డ్యూటీలో ఆఖరి రోజు. రేపటి నుంచి జెండా పాట కాడ ఆ తెల్ల అంగీ కనపడదు.

సార్ కాయ ఎట్ల చూస్తడో మీకు తెలుసు. బస్తా మూతి విప్పుతడు, మోచేయి దాకా చేయి పెడతడు, అడుగు కాయ తీస్తడు. పిడికిట్లో నొక్కుతడు. చెవి కాడ పెట్టి ఆడిస్తడు. గింజ గలగలమంటేనే ఎండినట్టు. తాలు కాయ కలిస్తే రైతు ముఖం మీదనే చెప్తడు, కానీ నలుగురిలో పరువు తియ్యడు. పక్కకు పిలిచి, "మళ్ల తెచ్చేటప్పుడు ఏరుకొని రా, తరుగు ఎందుకు పోగొట్టుకుంటవ్" అంటడు.

పత్తి కాడ కూడా అంతే. తేమ 8 దాటితే ధర కోత, 12 దాటితే సీసీఐ తీసుకోదు. పర్వతగిరి దిక్కు నుంచి వచ్చిన ఒక పెద్దాయనకు 14 చూపించింది. సార్ ఆయన్ను వెనక్కి పంపలేదు. ఖాళీ షెడ్డు చూపించి, "ఈడనే ఆరబోసుకో, రెండొద్దులు ఆగు. కిరాయి దండుగైతది గని ధరల వస్తది" అన్నడు. రెండు రాత్రులు తన దుప్పటి ఆ పెద్దాయనకే ఇచ్చిండు.

ఇగ నాలుగేండ్ల కింద మార్చిల వాన. అప్పటికి సగం బస్తాలు కాంటా కాలేదు. మబ్బు పట్టిందని చూసేలోపే చినుకులు. సార్ ఆఫీసులోంచి చెప్పుల్లేకుండ ఉరికొచ్చిండు. టార్పాలిన్ ఒక కొస రాజన్న పట్టుకుంటే ఇంకో కొస సార్ పట్టుకుండు. ములుగు రోడ్డు దిక్కు నుంచి వచ్చిన అవ్వ బస్తాల మీద పడుకొని ఏడుస్తుంటే, "లేవవ్వా, నీ కాయ తడవదు" అని కవర్ గుంజిండు. ఆ రాత్రి ఇంటికి పోలేదు. హమాలీ అన్నలు ఎవ్వరూ పోలేదు. సార్ ఈ మాట ఎప్పుడూ అంటడు: "ఆ దినం నేను చేసింది ఏం లేదు, వీపు మీద మోసింది వాళ్లు."

సార్, మీ ఆఖరి జీతం కంటే ముందు మా అందరి దండం తీసుకోండి.

అక్కా, దీన్ని మాత్రం దిద్దకు. "ఇయ్యాల" తీసి "ఈ రోజు" అని పెడితే రాజన్న మళ్లీ అదే మాట అడుగుతాడు.

మూడోది మన ఆఫీసు వాట్సాప్ గ్రూపుకు. పొట్టిగా ఉంటేనే చదువుతారు.

గ్రూపులో పెట్టేది

అందరికీ గుడ్ మార్నింగ్. ఇవాళ మన యాదగిరి సార్ రిటైర్‌మెంట్. 11 గంటలకు మీటింగ్ హాల్లో సభ, తర్వాత భోజనాలు. తక్‌పట్టీలు పెండింగ్ ఉన్నవాళ్లు ముందే ముగించుకుని రండి, లేకపోతే సార్ సభ ఆపి మరీ రిజిస్టర్ అడుగుతారు. బస్తా అడుగు కాయ చూసే సార్‌కు మన రిజిస్టర్ అడుగు పేజీ చూడటం ఎంతసేపు. మిస్ యూ సార్. మీ టేబుల్ కిటికీ పక్కన అట్లనే ఉంటుంది.

ఇక నాలుగోది సార్ ఒక్కరికే. శాలువా కప్పాక పూలదండతో పాటు చేతిలో పెడతాను. నీకు చూపిస్తున్నాను కానీ ఎవరికీ చెప్పకు. ఇందులోది సభలో చెప్పే విషయం కాదు, చెబితే సార్ ఇబ్బంది పడతారు.

సార్‌కు

సార్, నమస్తే.

మొదటి రోజు మిర్చి ఘాటుకు కళ్ల నీళ్లు కారుతుంటే నేను ఏడుస్తున్నాననుకుని అందరూ నవ్వారు. మీరు మీ దస్తీ నీళ్లలో తడిపి ఇచ్చి, "ముక్కుకు కట్టుకో బిడ్డా, వారం దినాలల్ల అలవాటైతది" అన్నారు. అలవాటు కావడానికి నెల పట్టింది.

మా పాప కడుపులో ఉన్నప్పుడు ఐదో నెలలో నా డ్యూటీ పత్తి వైపు మారింది. నేను అడగలేదు, ఎవరికీ చెప్పలేదు కూడా. ఆర్డర్ కాగితం మీద మీ సంతకం చూశాను. ఎందుకు మార్చారని అడిగితే, "అటు లెక్కలు పేరుకుపోయినయ్" అని ఫైల్లోకి తల దించుకున్నారు. పోయి చూస్తే అక్కడ లెక్కలేమీ పేరుకుపోలేదు సార్.

పైన కాయ చూసి రాయడం తేలిక. నాకు కూడా తొందర ఉన్న రోజుల్లో చెయ్యి పైపైనే ఆగేది. మీరు వెనక నిలబడి ఏమీ అనేవారు కాదు. మీ అంగీ చేతిని మోచేతి పైదాకా మడుచుకునేవారు, అంతే. నేనూ మడుచుకునేదాన్ని.

మీ దస్తీ ఇంకా నా దగ్గరే ఉంది. ఉతికి ఇద్దామనుకున్నాను, ఇన్నేళ్లయినా ఇవ్వబుద్ధి కాలేదు. సోమవారం పొద్దున ఏడింటికే మీ కాళ్లు యార్డు వైపు వస్తాయని అమ్మగారు ఫోన్లో చెప్పారు. రండి సార్. చాయ్ తాగి, నా చెయ్యి బస్తా అడుగు దాకా పోతుందో లేదో చూసి పోదురు.

మీ బిడ్డ