అమ్మగారు పోయిన తర్వాత మన విచారణ ఫాదర్ గారికి

గౌరవనీయులైన ఫాదర్ గారికి,

రాజకుమారి టీచర్ వందనాలు. మీ అమ్మగారి భూస్థాపనకి మన విచారణ నుంచి బస్సులో వచ్చినవాళ్లలో నేనూ ఉన్నాను. దగ్గరకొచ్చి పలకరిద్దామనుకున్నాను. కానీ చూస్తే మీరే ఒక్కొక్కరి దగ్గరకీ వెళ్లి "భోంచేశారా, బస్సు ఎన్నింటికి" అని అడుగుతున్నారు. మన ఉపదేశిగారు ఏడుస్తుంటే ఆయన్నీ మీరే ఊరుకోబెట్టారు. ఇంక నేను కూడా వచ్చి నిలబడితే నన్నూ ఓదార్చాల్సి వస్తుందని ఆగిపోయాను. అందుకే ఇలా రాస్తున్నాను.

అమ్మగారు పోయినందుకు చాలా బాధగా ఉంది ఫాదర్. మన గుడి పండగకి వచ్చినప్పుడు ముందు వరసలో కుర్చీ వేస్తే కూర్చోలేదావిడ, వెనక మా ఆడవాళ్ల మధ్య చాప మీదే కూర్చున్నారు. నలుగురిలో మిమ్మల్ని "ఫాదర్ గారు" అనేవారు. వంటింట్లోకి వచ్చాక మాత్రం, "చిన్నోడికి పులుపు పడదమ్మా, ఎంత పులుపేసినా తినేస్తాడు గానీ నోరు తెరిచి చెప్పడు" అన్నారు. అప్పటిదాకా మీకు ప్రతి ఆదివారం గోంగూర పంపింది మేమే. మీరు ఒక్కనాడూ చెప్పలేదు!

గురుపట్టం నాడు మీ అరచేతుల తైలం తుడిచిన గుడ్డని పెట్టెలో అమ్మగారి చేతుల్లో పెట్టారు కదా. ఇన్నేళ్లూ బీరువాలో దాచుకున్నారట, పెట్టె మూసేముందు మీ అక్కగారు చెప్పారు. పదో తరగతి కాగానే కొడుకుని సెమినరీకి పంపిన తల్లికి ఇంట్లో మిగిలింది అదే అనిపించింది నాకు. మాకు దొరికిన ఫాదర్‌ని ఆవిడ ముందు వదులుకుంది. ఆ ఋణం మా అందరి మీదా ఉంది.

మా ఆయన పోయిన రోజు రాత్రి మీరు మా అరుగు మీద కూర్చున్నారు. అందరూ "దేవుని చిత్తం" అంటుంటే మెల్లగా "ఇవాళ ఆ మాట వద్దులెండి" అన్నారు. తర్వాత మా ఆయన ఏం కూర ఇష్టపడేవారో, ఎవరితో పోట్లాడేవారో అడిగారు. అన్ని గంటల్లో నేను ఆయన గురించి మాట్లాడింది అప్పుడే. అందుకని నేనూ మీకు ఆ మాట చెప్పను. మీరు ఎందరి సమాధుల దగ్గరో చెప్పిన వాక్యాలు మళ్లీ మీకే అప్పజెప్పను. లాజరుని లేపబోతున్నానని తెలిసి కూడా ప్రభువు ఆ సమాధికి వెళ్లే ముందు ఏడ్చాడని మాకు చెప్పింది మీరే కదా. పూజలో మీ గొంతు ఆగిపోయినా మేమెవరం ఏమీ అనుకోం. పాట అందుకుంటాం, మీరు తేరుకున్నాక మొదలుపెడుదురు గాని.

నాకు ఎక్కువ దిగులు పూజ గురించి కాదు, ఆ తర్వాత గురించి. మాకు ఎంత కష్టమొచ్చినా ఇంటికెళ్తే ఎవరో ఒకరు ఉంటారు. మీరు తలుపు తాళం తీసుకుని ఒక్కరే లోపలికి వెళ్తారు. రాత్రి ఎనిమిదింటికి అమ్మగారి ఫోన్ వచ్చేదని మీ వంటమనిషి చెప్పింది. ఆ వేళకి నాకు ఫోన్ చెయ్యమని అనను, మీరు చెయ్యరని తెలుసు. నేనే ఆదివారాలు మధ్యాహ్నం క్యారేజీ పంపిస్తాను. మా మనవడు తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టి వచ్చేస్తాడు. వాడిని కూర్చోబెట్టి చదువు గురించి అడగనక్కర్లేదు. పులుపు తగ్గిస్తాను.

ఇంకో సంగతి. నవంబరు 2న మీరు మా వాళ్ల సమాధులన్నీ దీవించి పవిత్ర జలం చల్లుతారు. ఈ ఏడు అమ్మగారి సమాధి ఫిరంగిపురం దగ్గర మీ ఊళ్లో ఉంటే, మీరు తెనాలిలో మా సమాధుల మధ్య తిరగడం మాకు ఇష్టం లేదు. పక్క విచారణ ఫాదర్ గారిని పిలుద్దామని పెద్దలు అనుకుంటున్నారు. మిమ్మల్ని అడగడానికి మొహమాటపడుతున్నారు, నేను రాసేస్తున్నాను. మీరు వద్దంటే సరే. ఒప్పుకుంటే మాత్రం ఆ రోజు పొద్దున్నే బయల్దేరి, మీ అక్కగారి దగ్గర రెండు రోజులుండి రండి.

మన వీధి ఆడవాళ్లం రోజూ సాయంత్రం జపమాలలో అమ్మగారి పేరు చెప్పుకుంటున్నాం. పెద్దదినానికి వంటలకి మీ ఊరు ఎంతమంది రావాలో మీ అక్కగారితో మాట్లాడుకుంటాం, ఆ లెక్కలు మీరు పెట్టుకోకండి.

ఈ ఉత్తరానికి జవాబు రాయొద్దు ఫాదర్. ఆదివారం ఖాళీ క్యారేజీ మా మనవడి చేతికిస్తే చాలు.

వందనాలతో,
రాజకుమారి టీచర్
తెనాలి