మూత పెట్టిన సీసాలో ఎండ: హరితగృహ ప్రభావం (9వ తరగతి ప్రయోగ పత్రం)

భూమి ఉపరితల సగటు ఉష్ణోగ్రత సుమారు 15 డిగ్రీల సెల్సియస్. హరితగృహ ప్రభావమే లేకపోతే అది సున్నాకు 18 డిగ్రీలు దిగువన ఉండేది. ఈ 33 డిగ్రీల తేడా ఎక్కడిది? ఆ ప్రశ్నకు దారి వెతకడానికే ఈ ప్రయోగం.

కావలసినవి: ఒకే పరిమాణం గల రెండు ఖాళీ పచ్చడి సీసాలు (గాజువి), రెండు ప్రయోగశాల థర్మామీటర్లు, నల్ల కాగితం, పలుచని పాలిథీన్ ముక్క, రబ్బరు బ్యాండు, గడియారం. జ్వరం చూసే థర్మామీటర్ వాడకండి. దాని కొలత ఇక్కడికి చాలదు.

చేసే పద్ధతి: రెండు సీసాల అడుగునా నల్ల కాగితం పరచండి. థర్మామీటర్లను లోపల నిలిపి, వాటి బల్బులకు నేరుగా ఎండ తగలకుండా చిన్న కాగితం ముక్క అడ్డం పెట్టండి. చాలా జట్లు ఈ పని మరచిపోతాయి. అప్పుడు మీరు కొలిచేది గాలి వేడిని కాదు, ఎండలో కాగిన బల్బు వేడిని. ఒక సీసా మూతికి పాలిథీన్ బిగించండి, రెండోది తెరిచే ఉంచండి. రెండింటినీ పక్కపక్కనే ఎండలో పెట్టి, 5 నిమిషాలకొకసారి ఉష్ణోగ్రత రాయండి. 30వ నిమిషంలో నీడలోకి మార్చండి.

ఫిబ్రవరిలో ఒక ఉదయం 11 గంటలకు మొదలుపెట్టిన ఒక జట్టు కొలతలు ఇవి. నీడలో గాలి ఉష్ణోగ్రత 29 డిగ్రీలు.

| నిమిషాలు | తెరిచిన సీసా (°C) | మూత పెట్టిన సీసా (°C) |
|---|---|---|
| 0 | 29 | 29 |
| 5 | 32 | 34 |
| 10 | 34 | 39 |
| 15 | 35 | 42 |
| 20 | 34 | 42 |
| 25 | 36 | 45 |
| 30 | 36 | 45 |
| 35 (నీడ) | 33 | 41 |
| 40 (నీడ) | 31 | 38 |

ప్రశ్నలు

1. రెండు సీసాల కొలతలతో ఒకే కాగితం మీద రేఖాచిత్రం గీయండి. ఎండలో ఉన్నంతసేపట్లో ఒక్కో సీసా ఎన్ని డిగ్రీలు వేడెక్కింది?

2. 20వ నిమిషంలో ఏం జరిగి ఉండవచ్చు? మీ ఊహ సరైనదని నిరూపించడానికి జట్టు ఇంకేమి రాసి ఉంచాల్సింది?

3. 25, 30 నిమిషాల మధ్య ఎండ తగ్గలేదు. అయినా ఉష్ణోగ్రత ఎందుకు పెరగలేదు? లోపలికి వచ్చే శక్తినీ బయటికి పోయే శక్తినీ పోల్చి రాయండి.

4. నీడలోకి మార్చిన 10 నిమిషాల్లో తెరిచిన సీసా 5 డిగ్రీలు చల్లబడింది, మూత పెట్టినది 7 డిగ్రీలు. "అయితే మూత వేడిని ఆపలేదన్నమాట" అని ఒక విద్యార్థిని అంది. తొందరపడి ఒప్పుకోకండి. ఒక్కో సీసా గాలి ఉష్ణోగ్రత కంటే ఎంత ఎక్కువ వేడిగా ఉండేదో, అందులో ఎంత శాతం కోల్పోయిందో లెక్కకట్టి ఆమెకు జవాబివ్వండి.

సీసాకూ భూమికీ తేడా

ఈ భాగాన్ని నిదానంగా చదవండి. రెండు సీసాలకూ గాజు గోడలే ఉన్నాయి. తేడా మూత ఒక్కటే. వేడెక్కిన వస్తువులు వెదజల్లే, కంటికి కనిపించని పరారుణ కిరణాలను పలుచని పాలిథీన్ చాలావరకు పోనిస్తుంది. కాబట్టి ఇక్కడ మూత చేసిన ముఖ్యమైన పని, వేడెక్కిన గాలి పైకి లేచి బయటికి పోకుండా ఆపడం.

భూమికి అలాంటి మూత లేదు. సూర్యకాంతిలో ఎక్కువ భాగం వాతావరణం గుండా వచ్చి నేలనూ సముద్రాన్నీ వేడి చేస్తుంది. వేడెక్కిన నేల పరారుణ కిరణాలను వెదజల్లుతుంది. గాలిలో 78 శాతం ఉన్న నైట్రోజన్, 21 శాతం ఉన్న ఆక్సిజన్ వాటిని దాదాపుగా పట్టుకోవు. నీటి ఆవిరి, కార్బన్ డై ఆక్సైడ్, మీథేన్ పట్టుకుని, కొంత శక్తిని తిరిగి నేలవైపు పంపుతాయి. శక్తి బయటికి పోవడం కష్టమైతే ఉష్ణోగ్రత పెరుగుతుందనే వరకే సీసా మనకు ఉదాహరణ.

మరో పట్టిక

1856లో అమెరికాలో యునీస్ ఫుట్ అనే మహిళ గాజు గొట్టాల్లో వేర్వేరు వాయువులు నింపి ఎండలో పెట్టారు. ఆమె ప్రకటించిన ఉష్ణోగ్రతలు ఫారన్‌హీట్‌లో:

| వాయువు | °F |
|---|---|
| హైడ్రోజన్ | 104 |
| మామూలు గాలి | 106 |
| ఆక్సిజన్ | 108 |
| కార్బన్ డై ఆక్సైడ్ | 125 |

5. వీటిని సెల్సియస్‌లోకి మార్చండి. మామూలు గాలికీ కార్బన్ డై ఆక్సైడ్‌కూ తేడా ఎంత?

6. కార్బన్ డై ఆక్సైడ్ గొట్టం నీడలో చల్లబడటానికి మిగతా వాటికంటే చాలా రెట్లు ఎక్కువ సమయం పట్టిందని ఆమె రాశారు. మీ పట్టికలో దీనికి దగ్గరగా కనిపించే కొలతలు ఏవి?

7. ఈ ప్రయోగంలో వాయువు వేడెక్కింది సూర్యకాంతి వల్లనా, వేడెక్కిన వస్తువులు వెదజల్లే పరారుణ కిరణాల వల్లనా అన్నది తేలలేదు. 1859లో జాన్ టిండాల్ వేడి వస్తువుల నుంచి వచ్చే కిరణాలను వాయువుల గుండా పంపి ఈ చిక్కు విప్పారు. ఆయన సూర్యుడిని వదిలి వేడి వస్తువులను ఎందుకు ఎంచుకున్నారు?