గేట్‌వే ఖాతా: 2025 నవంబర్ 3 నుంచి 14 వరకు పద్దులు

అక్కా, "5,880 రూపాయల చీరలు అమ్మితే బ్యాంకులో 5,741.23 పడింది, మిగతాది ఎవరు తిన్నట్టు?" అని మొన్న ఫోన్లో అడిగారు కదా. ఎక్కడికి పోయిందో పైసాతో సహా కింద రాశాను.

మీ పుస్తకంలో బ్యాంకులో పడిన మొత్తాన్నే అమ్మకంగా రాసుకున్నారు. అది కొట్టేశాను. కస్టమర్ కార్డుతో కట్టగానే అమ్మకం అయిపోయింది, డబ్బు మాత్రం ఇంకా కార్డు డబ్బు వసూలు చేసి మనకు పంపే గేట్‌వే వాళ్ల దగ్గరే ఉంది. అందుకే వాళ్ల పేరున ఒక పేజీ తెరిచాను. తెలిసినవాళ్లకు చీర అరువిస్తే బాకీ రాసుకోరూ, ఇదీ అంతే.

నవంబర్ 3, సోమవారం: రెండు ఆర్డర్లు, రెండూ క్రెడిట్ కార్డే

| ఖాతా | డెబిట్ (రూ.) | క్రెడిట్ (రూ.) |
|---|---|---|
| గేట్‌వే | 5,880.00 | |
| అమ్మకాలు (2,400 + 3,200) | | 5,600.00 |
| కట్టాల్సిన ఐజీఎస్టీ (బెంగళూరు చీర) | | 120.00 |
| కట్టాల్సిన సీజీఎస్టీ (విశాఖ చీర) | | 80.00 |
| కట్టాల్సిన ఎస్‌జీఎస్టీ (విశాఖ చీర) | | 80.00 |

చీర మీద పన్ను 5 శాతం. మంగళగిరి నుంచి విశాఖ వెళ్లిన చీర రాష్ట్రం దాటలేదు కాబట్టి పన్ను రెండు సగాలైంది: కేంద్రానికి సీజీఎస్టీ, రాష్ట్రానికి ఎస్‌జీఎస్టీ. రాష్ట్రం దాటిన బెంగళూరు చీరకు మొత్తం ఐజీఎస్టీయే. ఈ 280 మీది కాదు, ప్రభుత్వానిది. ఖర్చుపెట్టేయకండి.

అదే రోజు: గేట్‌వే పట్టుకున్న ఫీజు

| ఖాతా | డెబిట్ (రూ.) | క్రెడిట్ (రూ.) |
|---|---|---|
| గేట్‌వే ఫీజు ఖర్చు (2 శాతం) | 117.60 | |
| రావాల్సిన ఐజీఎస్టీ (ఫీజు మీద 18 శాతం) | 21.17 | |
| గేట్‌వే | | 138.77 |

వాళ్లు 2 శాతం లెక్కగట్టింది చీర ధర మీద కాదు, పన్నుతో కలిపి కస్టమర్ కట్టిన మొత్తం మీద. అంటే ప్రభుత్వానికి పోయే 280కి కూడా ఫీజు మీరే కట్టారు. నాకూ అన్యాయంగానే అనిపిస్తుంది, కానీ అగ్రిమెంటులో రాసింది అదే. ఆ 138.77లో నిజంగా ఖర్చు 117.60 మాత్రమే. మిగతా 21.17 మీరు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకోవచ్చు. గేట్‌వే వాళ్ల రిజిస్ట్రేషన్ కర్ణాటకలో ఉంది కాబట్టి ఇక్కడా ఐజీఎస్టీయే.

నవంబర్ 6: పేఅవుట్

| ఖాతా | డెబిట్ (రూ.) | క్రెడిట్ (రూ.) |
|---|---|---|
| బ్యాంకు | 5,741.23 | |
| గేట్‌వే | | 5,741.23 |

గేట్‌వే వాళ్లు మన డబ్బు బ్యాంకులో వేయడమే పేఅవుట్. రెండు పనిదినాల లెక్కన 5నే రావాలి. ఆ రోజు కార్తీక పౌర్ణమి, గురునానక్ జయంతి. వాళ్ల బ్యాంకుకు సెలవు. ఊరికే టెన్షన్ పడ్డారు.

నవంబర్ 10: బెంగళూరు చీర వెనక్కి

| ఖాతా | డెబిట్ (రూ.) | క్రెడిట్ (రూ.) |
|---|---|---|
| అమ్మకాల వాపసు | 2,400.00 | |
| కట్టాల్సిన ఐజీఎస్టీ | 120.00 | |
| గేట్‌వే | | 2,520.00 |

మీ తరఫున గేట్‌వే వాళ్లే కస్టమర్‌కు 2,520 తిరిగిచ్చారు. దాంతో పేజీ తిరగబడింది. ఇప్పుడు మనమే వాళ్లకు బాకీ. ఈ ఆర్డర్ మీద పట్టుకున్న 50.40 ఫీజు మాత్రం వెనక్కి రాదు, ఖర్చులోనే ఉంటుంది. రంగు ఫోటోలో కనిపించినట్టు లేదని చీర తిప్పి పంపారట. ఫోటోలు పగటి వెలుగులో తీస్తే ఇలాంటి 50.40లు కొన్ని మిగులుతాయి. చీర రానూపోనూ కొరియర్ ఖర్చు ఇందులో లేదు, వేరే పేజీలో ఉంది.

నవంబర్ 12: 4,200 చీర, హైదరాబాద్‌కు

| ఖాతా | డెబిట్ (రూ.) | క్రెడిట్ (రూ.) |
|---|---|---|
| గేట్‌వే | 4,410.00 | |
| అమ్మకాలు | | 4,200.00 |
| కట్టాల్సిన ఐజీఎస్టీ | | 210.00 |
| గేట్‌వే ఫీజు ఖర్చు | 88.20 | |
| రావాల్సిన ఐజీఎస్టీ | 15.88 | |
| గేట్‌వే | | 104.08 |

నవంబర్ 14: పేఅవుట్

| ఖాతా | డెబిట్ (రూ.) | క్రెడిట్ (రూ.) |
|---|---|---|
| బ్యాంకు | 1,785.92 | |
| గేట్‌వే | | 1,785.92 |

4,410లో ఫీజు 104.08 పోగా 4,305.92. అందులోంచి పాత బాకీ 2,520 పట్టుకుని మిగతాది వేశారు. 4,410 చీరకు 1,785 ఏంటని మీరు మళ్లీ ఫోన్ చేసేలోపే రాసేస్తున్నాను!

గేట్‌వే ఖాతా, అన్నీ కలిపి

| తేదీ | వివరం | డెబిట్ (రూ.) | క్రెడిట్ (రూ.) | నిల్వ (రూ.) |
|---|---|---|---|---|
| 3 | ఆర్డర్లు | 5,880.00 | | 5,880.00 డెబిట్ |
| 3 | ఫీజు, జీఎస్టీ | | 138.77 | 5,741.23 డెబిట్ |
| 6 | పేఅవుట్ | | 5,741.23 | 0.00 |
| 10 | వాపసు | | 2,520.00 | 2,520.00 క్రెడిట్ |
| 12 | ఆర్డర్ | 4,410.00 | | 1,890.00 డెబిట్ |
| 12 | ఫీజు, జీఎస్టీ | | 104.08 | 1,785.92 డెబిట్ |
| 14 | పేఅవుట్ | | 1,785.92 | 0.00 |
| | మొత్తం | 10,290.00 | 10,290.00 | |

వాపసు తీసేస్తే ఈ 12 రోజుల అమ్మకం 7,400, ఫీజు ఖర్చు 205.80. బ్యాంకులో పడింది 7,527.15. అమ్మకం కంటే ఎక్కువ వచ్చిందని సంబరపడకండి, అందులో కట్టాల్సిన పన్ను 370 ఉంది.

ఫీజు మీద జీఎస్టీ 37.05 ఇంకా తీసుకోలేదు. గేట్‌వే వాళ్ల నెలవారీ బిల్లు, మనకు వచ్చిన బిల్లులన్నీ జీఎస్టీ పోర్టల్‌లో చూపించే GSTR-2B లో కనిపించాక తీసుకుంటాను. ఆ బిల్లు మీ మెయిల్‌కే వస్తుంది, రాగానే నాకు పంపండి. అందులో మన జీఎస్టీ నంబర్ సరిగ్గా పడిందో లేదో కూడా ఒకసారి చూడండి.