ఓఆర్ఎస్ ప్యాకెట్ వెనక వైపుకు తెలుగు పాఠ్యం

అన్నా, నువ్వు పంపిన ఇమేజ్‌లో మనకు మిగిలిన జాగా 6 సెం.మీ. వెడల్పు, 4 సెం.మీ. ఎత్తు. ఇంగ్లీషుకు సరిపోయింది కదా అని తెలుగును అందులోనే కుక్కితే అక్షరాలు చీమల్లా అవుతాయి. అందుకే ఉన్నదున్నట్టు అనువదించకుండా కుదించి రాశాను. గీతల మధ్య ఉన్నది అలాగే పేస్ట్ చెయ్.

---
ఓఆర్ఎస్ పొడి 20.5 గ్రా.
1 లీటరు నీటికి

పదార్థాలు (గ్రాముల్లో): అన్‌హైడ్రస్ గ్లూకోజ్ 13.5, ట్రైసోడియం సిట్రేట్ డైహైడ్రేట్ 2.9, సోడియం క్లోరైడ్ 2.6, పొటాషియం క్లోరైడ్ 1.5

కలిపే తీరు: కాచి చల్లార్చిన 1 లీటరు నీటిలో ప్యాకెట్ మొత్తం పోసి కరిగేదాకా కలపండి. కలిపాక కాచవద్దు. పంచదార, ఉప్పు వేయవద్దు. 24 గంటల్లో వాడండి, మిగిలింది పారబోయండి.

విరేచనం అయిన ప్రతిసారీ: 2 ఏళ్లలోపు 50–100 మి.లీ., 2–10 ఏళ్లు 100–200 మి.లీ., పెద్దలు తాగగలిగినంత.

మలంలో రక్తం పడినా, వాంతులు ఆగకపోయినా, మూత్రం తగ్గినా వెంటనే డాక్టరుకు చూపించండి.

తడి తగలకుండా, పిల్లలకు అందకుండా ఉంచండి.
---

‘గ్రా.’ నాలుగుసార్లు రాసే బదులు ‘గ్రాముల్లో’ అని ఒక్కసారి పెట్టాను. ‘ద్రావణం’ అనే మాటే రానివ్వలేదు, అది సైన్సు పుస్తకంలో ఉంటే చాలు. ‘సాచెట్’ కన్నా ‘ప్యాకెట్’ నయం, షాపులో అడిగేది ఆ మాటతోనే. రసాయనాల పేర్లు మాత్రం ఎంత పొడుగున్నా ముట్టుకోకు. ట్రైసోడియం సిట్రేట్‌ను ‘సిట్రేట్’ అని కత్తిరిస్తే అది ఇంకేదైనా కావచ్చు.

జాగా ఇంకా చాలకపోతే చివరి లైను పక్క అంచుకు జరుపు. ‘1 లీటరు’, ‘ప్యాకెట్ మొత్తం’ మాత్రం కదలకూడదు, బోల్డ్ తీయకూడదు. ఇంట్లో జరిగేది తెలుసుగా, గ్లాసుడు నీళ్లలో ప్యాకెట్ అంతా పోసేస్తారు. అలా చిక్కగా తాగిస్తే పసివాళ్ల రక్తంలో ఉప్పు పెరిగిపోతుంది. సగం ప్యాకెట్ లీటరులో కలిపితే పలచనై పని చేయదు.

లైన్ల మధ్య ఎడం తగ్గించకు. ‘క్లోరైడ్’లో ల ఒత్తు కిందికి దిగుతుంది, దాని కింది లైనులో ‘ట్రై’ గాని, ‘కి’ గాని పడితే రెండూ గుద్దుకుంటాయి. ఎత్తు చాలకపోతే ఫాంట్ అర పాయింట్ తగ్గించు, ఎడం వదిలెయ్. ‘అన్‌హైడ్రస్’ పేస్ట్ చేసేటప్పుడు చూసుకో, న కింద హ ఒత్తు పడితే మధ్యలోని కనిపించని అక్షరం పోయినట్టే.

స్క్రీన్ మీద జూమ్ చేసి చూసి ఓకే చేయకు. అసలు సైజులో ప్రింట్ తీసి, మీ అమ్మగారికి కళ్లద్దాలతో చదవమని ఇవ్వు. ఆవిడ ఎక్కడ ఆగితే అక్కడ నాకు ఫోన్ చెయ్.