గృహప్రవేశం భోజనాల దగ్గర నాలుగు మాటలు

అందరికీ నమస్కారం. పెద్దలకు పాదాభివందనాలు. ఆకులు వేశాక ఎక్కువసేపు మాట్లాడకూడదు, అందుకే వడ్డించేవాళ్లు మీ వరసకు వచ్చేలోపు ముగిస్తాను.

ముహూర్తం తెల్లవారుజామునే కావడంతో మీలో చాలామంది చీకటితోనే బయల్దేరి వచ్చారు. వ్రతం పూర్తయ్యేదాకా కొందరు పెద్దవాళ్లు కాఫీ కూడా ముట్టుకోలేదు. ఈ వైశాఖం ఎండలో, పిల్లల్ని వెంటబెట్టుకుని మా కోసం వచ్చిన మీ అందరికీ నా తరఫున, మావారి తరఫున మనస్ఫూర్తిగా స్వాగతం. మొదటి పంక్తిలో కూర్చున్నవాళ్లలో ఈ ఇంటికి గోడలు లేపిన మేస్త్రిగారు, వారి మనుషులు, వడ్రంగి, ఎలక్ట్రీషియన్, పెయింటర్లు ఉన్నారు. ఈ ఇంట్లో తొలి భోజనం వాళ్లతోనే మొదలవ్వాలని మేమిద్దరం ముందే అనుకున్నాం. అడగ్గానే ఒప్పుకుని ఇంటిల్లిపాదితో వచ్చినందుకు చాలా సంతోషం.

ఇక ఆకులో ఏమేం వస్తున్నాయో చెప్తాను. వంట పూర్తిగా శాకాహారం. వ్రతం ఉంది కాబట్టి ఉల్లిపాయ, వెల్లుల్లి వాడలేదు.

ముందుగా పరమాన్నం. పొద్దున్న కొత్త పొయ్యి మీద పొంగించిన పాలు ఇందులోవే. మా అమ్మ దగ్గరుండి వండింది. అన్నం పాలల్లో మెత్తగా ఉడికి, దించాక వేడి కాస్త తగ్గేదాకా ఆగి అప్పుడు బెల్లం కలిపింది. పొయ్యి మీద ఉండగానే వేస్తే పాలు విరిగిపోతాయని నన్ను గరిటె కూడా పట్టుకోనివ్వలేదు. కొంచెమైనా సరే, అందరూ నోట్లో వేసుకోండి. పైన జీడిపప్పు ఉంటుంది, పడనివాళ్లు గమనించుకోండి.

దాని పక్కనే పూర్ణం బూరెలు. ఇవి పెద్దత్తయ్య చేతివి. పచ్చిశనగపప్పు, బెల్లం, యాలకుల పూర్ణం, పైన మినప్పప్పు, బియ్యం రుబ్బిన పిండి. బూరెని మధ్యలో వేలితో గుంట చేసి పట్టుకోండి, నెయ్యి పోస్తారు. నెయ్యి లేకుండా తింటే అత్తయ్య ఊరుకోరు. షుగర్ ఉన్నవాళ్లని బలవంతపెట్టొద్దని వడ్డించే పిల్లలకు చెప్పాను. మీరు చెయ్యి అడ్డం పెడితే చాలు, ఎవరూ ఏమీ అనుకోరు.

పులిహోర ఈసారి చింతపండుతో కాదు, మామిడికాయతో. చెట్టు నిండా కాయలున్న రోజుల్లో చింతపండు నానబెట్టడం నాకు ఇష్టం లేకపోయింది. తురుము కాస్త మగ్గనిచ్చి, పసుపు వేసి ఆరబెట్టిన అన్నంలో కలిపాం. పోపులో వేరుశనగపప్పులు దండిగా పడ్డాయి. ఇంగువ కూడా ఘుమఘుమలాడేటట్టే వేశాం.

ఆ తర్వాత ముద్దపప్పు, కొత్త ఆవకాయ. దీని గురించి రెండు మాటలు ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నా మటుకు నాకు ఈ విందులో అసలు భోజనం ఇదే. ఆవకాయ మా పాత ఇంటి పక్కావిడ పెట్టి పంపించారు. మేము అద్దెకున్నన్నాళ్లూ ప్రతి వేసవిలో వాళ్ల జాడీ నుంచి మా ఇంటికి ఒక సీసా వచ్చేది. ఇల్లు మారుతున్నామని చెప్తే, గృహప్రవేశానికి ఇంకేమీ కొనను, ఆవకాయే పెడతానన్నారు. ముక్కలు కొట్టించి, ఆవపిండి, కారం, ఉప్పు, నువ్వుల నూనె కలిపి, మూడో రోజు తిరగకలిపి, రుచి చూసి మరీ తెచ్చారు. వ్రతం ఉందని గుర్తుపెట్టుకుని వెల్లుల్లి వెయ్యలేదు. ఇంకా పూర్తిగా ఊరలేదు, ముక్క కరకరలాడుతూ ఉంటుంది. నాకైతే ఈ నాలుగు రోజుల రుచే ఎక్కువ ఇష్టం. వేడన్నంలో పప్పు, నెయ్యి వేసుకుని కలుపుకోండి. కారం తట్టుకోలేని పిల్లలకు పప్పూ నెయ్యీ చాలు. ఆంటీ, మీరు ఆ చివర కూర్చున్నారు, అందరూ మిమ్మల్ని చూడాలి. ఒక్కసారి ఇటు తిరగండి.

కూరలు రెండు. ఒకటి గుత్తివంకాయ. ధనియాలు, శనగపప్పు, మినప్పప్పు, ఎండుమిర్చి, ఎండుకొబ్బరి, నువ్వులు వేయించి దంచిన కారం కూరాం. కాయలు లేతవి, పొద్దున్నే కోసినవి. రెండోది పనసపొట్టు ఆవపెట్టిన కూర. లేత పనసకాయని పొట్టు కొట్టడం ఎంత పనో వంటింట్లో తిరిగేవాళ్లకు తెలుసు. నిన్న సాయంత్రమంతా బాబాయి అరచేతులకు నూనె రాసుకుని అదే పనిలో ఉన్నారు. ఆవ ముద్ద పొయ్యి మీద ఉండగా కలిపితే చేదెక్కుతుంది కాబట్టి, కూర చల్లారాకే కలిపాం. అందుకే అది వేడిగా రాదు. చల్లారిపోయిందనుకోకండి, తినాల్సింది అలాగే.

పచ్చడి దోసకాయది, పచ్చిముక్కలతో. పక్కన అప్పడాలు, బూడిద గుమ్మడి వడియాలు, చల్లమిరపకాయలు. చల్లమిరపకాయలు చూడటానికి నల్లగా అమాయకంగా ఉంటాయి కానీ కొన్ని చురుగ్గా ఉన్నాయి. పిల్లల ఆకుల్లో వెయ్యొద్దని చెప్పాం.

తర్వాత ముక్కల పులుసు. గుమ్మడికాయ, సొరకాయ, ములక్కాడ, బెండకాయ, చిలగడదుంప, చివర్లో బెల్లం. అది వద్దనుకున్నవాళ్లకు మిరియాల చారు ఉంది. గొంతు బాగాలేదని మావయ్యగారు అడిగారని పెట్టించాను. ఇంకెవరైనా గ్లాసులో తాగుతానన్నా ఇస్తారు.

ఆఖరుకి గడ్డపెరుగు, పక్కనే రసాలు. పండు కోసి ముక్కలుగా ఇవ్వడం లేదు, రసాలని జుర్రుకోవాల్సిందే. పెరుగన్నంలో పిండుకుంటారా, విడిగా తింటారా అనేది మీ ఇష్టం. చేతులు కడుక్కోవడానికి వెనక వరండాలో రెండు కుళాయిలు ఉన్నాయి. తాంబూలం గుమ్మం దగ్గర ఇస్తాం, తీసుకోకుండా ఎవరూ వెళ్లొద్దు.

వేరుశనగ, నువ్వులు, జీడిపప్పు, ఆవ పడనివాళ్లు ఎవరైనా ఉంటే, ఆకుపచ్చ కండువా వేసుకున్న మా తమ్ముణ్ని పిలవండి. వాటిలో ఏవి దేంట్లో ఉన్నాయో వాడికి అన్నీ తెలుసు. కింద కూర్చోలేనివాళ్లకు లోపలి గదిలో బల్లలు, కుర్చీలు వేశాం. ఫ్యాన్ కూడా అక్కడ బాగా తగులుతుంది.

ఒక్క విన్నపం. ఏదైనా నచ్చితే మళ్లీ అడగండి, మొహమాటపడొద్దు. ఇల్లు కట్టుకోవాలన్నప్పుడు మాకు చేబదులు ఇచ్చినవాళ్లు ఇక్కడున్నారు. బ్యాంకు పనుల మీద తిరిగేటప్పుడు మా పిల్లల్ని స్కూలు నుంచి తీసుకొచ్చి అన్నం పెట్టినవాళ్లూ ఉన్నారు. స్లాబు వేసిన రోజు రాత్రి మాతోపాటు మెలకువగా ఉన్నవాళ్లూ ఉన్నారు. మీకు కడుపునిండా పెట్టుకోవాలన్నది మా ఇద్దరికీ ఎప్పటినుంచో ఉన్న కోరిక.

తమ్ముడూ, పరమాన్నం అటు పెద్దల వైపు నుంచి మొదలుపెట్టండి. బాబాయ్, నెయ్యి గిన్నె మీరు పట్టుకోండి. అందరూ కానివ్వండి, నెమ్మదిగా భోంచెయ్యండి.